విదేశీ సాఫ్ట్‌వేర్ బిల్లులో 18 శాతం జీఎస్టీ ఎందుకు పడుతోంది? రివర్స్ ఛార్జ్ అయితే మీరేం చేయాలి?

"ధర వంద డాలర్లని చూపించారు, కార్డు నుంచి మాత్రం నూట పద్దెనిమిది పోయాయి. అమెరికా కంపెనీకి మన జీఎస్టీతో పనేంటి?" ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. దీనికి రెండో వైపు ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఇంకోటి. "నా బిల్లులో పన్ను సున్నా అని ఉంది. అంటే నేను కట్టక్కర్లేదు కదా?"

రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. పన్ను రెండు సందర్భాల్లోనూ అదే 18 శాతం. దాన్ని ప్రభుత్వానికి ఎవరు కట్టాలన్నదే తేడా. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే అమ్మిన విదేశీ కంపెనీ వసూలు చేసి కడుతుంది. రిజిస్ట్రేషన్ ఉంటే మీరే కట్టాలి. ఈ రెండో పద్ధతినే రివర్స్ ఛార్జ్ అంటున్నాం.

ఇక్కడ రాసినదంతా భారతదేశంలో కూర్చుని విదేశీ కంపెనీ దగ్గర ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ కొనేవారి కోసం. ఆదాయపు పన్ను, టీడీఎస్ సంగతి వేరు, వాటి జోలికి వెళ్లడం లేదు.

## 1. పన్ను ఎందుకు పడుతుందో ముందు తెలుసుకోండి

జీఎస్టీ అమ్మేవాడు ఏ దేశంలో ఉన్నాడని చూడదు. సేవను వాడుకునేవాడు ఎక్కడున్నాడని చూస్తుంది. ఇంటర్నెట్ ద్వారా తప్ప అందించడం సాధ్యం కాని సేవలన్నిటినీ చట్టం ఓఐడార్ అనే గంపలో వేసింది. క్లౌడ్ స్టోరేజీ, నెలవారీ సాఫ్ట్‌వేర్, ఈ-పుస్తకాలు, ఆన్‌లైన్ సినిమాలు, పాటలు అన్నీ అందులోవే. వీటికి కొనేవాడు ఎక్కడుంటే అక్కడే సేవ అందినట్టు లెక్క.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారని అమ్మేవాళ్లకు ఎలా తెలుస్తుంది? బిల్లింగ్ చిరునామా, కార్డు ఏ దేశంలో ఇచ్చారు, ఐపీ అడ్రస్, బ్యాంకు ఎక్కడుంది, సిమ్ దేశం కోడ్ ఇలాంటి ఏడు ఆనవాళ్లను చట్టం చెప్పింది. వాటిలో ఒకదానితో ఒకటి పొసగే ఏ రెండు ఇండియా అని చెప్పినా చాలు, మీరు ఇండియాలో ఉన్నట్టే. అందుకే చిరునామాలో వేరే దేశం పెట్టి పన్ను తప్పించుకోవాలని చూసేవారి పాచిక సాధారణంగా పారదు. కార్డూ ఐపీ అడ్రసూ పట్టిస్తాయి.

"ఇదివరకు పడేది కాదు, ఈ మధ్యే మొదలైంది" అనేవారి మాటలోనూ నిజం ఉంది. 2023 అక్టోబర్ 1కి ముందు, విదేశీ కంపెనీ పన్ను వసూలు చేయాల్సింది సొంత అవసరానికి కొనే, రిజిస్ట్రేషన్ లేని వ్యక్తుల దగ్గరే. వృత్తి, వ్యాపారం కోసం కొంటే ఆ లెక్కలోకి రారు. ఆ తేదీ నుంచి చట్టంలో వాడకం ఎందుకన్న షరతు తీసేశారు. ఇప్పుడు ఒకటే ప్రశ్న: రిజిస్ట్రేషన్ ఉందా, లేదా?

## 2. బిల్లు చేతిలోకి తీసుకుని మూడు చోట్ల చూడండి

ఏమీ నిర్ణయించుకోకముందే ఈ పని చేయండి. కార్డు మెసేజ్ చూసి లెక్క వేయొద్దు. కంపెనీ సైట్‌లో బిల్లింగ్ పేజీకి వెళ్లి అసలు ఇన్‌వాయిస్ పీడీఎఫ్ దించుకోండి.

అమ్మినవారి పేరు, చిరునామా. సాఫ్ట్‌వేర్ బ్రాండ్ విదేశీది అయినంత మాత్రాన బిల్లు విదేశం నుంచే రావాలని లేదు. ఉదాహరణకు ఏడబ్ల్యూఎస్ ఇక్కడి కస్టమర్లకు తన భారతీయ కంపెనీ పేరుతో బిల్లు ఇస్తుంది. అలాంటప్పుడు అది మామూలు దేశీయ కొనుగోలే. రివర్స్ ఛార్జ్ ఉండదు, కొన్నప్పుడు కట్టిన పన్నును మీ అమ్మకాల పన్నులో తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ పోర్టల్ ఇచ్చే GSTR-2B స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది, ఈ గైడ్‌తో మీకు పని లేదు. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలైతే అమ్మకాన్ని వేరే విదేశీ సంస్థకు అప్పగిస్తుంటాయి. బిల్లు మీద ఆ సంస్థ పేరే ఉంటుంది. మీ లెక్కకు ఆ పేరే ముఖ్యం.

అమ్మినవారి GSTIN, అంటే జీఎస్టీ నంబరు. విదేశీ కంపెనీ ఇక్కడ ఓఐడార్ కింద నమోదైతే ఆ నంబరు 99తో మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36 ఉన్న చోటే ఈ 99 ఉంటుంది. ఇది ఉండి, బిల్లులో 18 శాతం ఐజీఎస్టీ, అంటే అంతర్‌రాష్ట్ర సరఫరాలకు వేసే జీఎస్టీ, పడిందంటే ఆ కంపెనీ మిమ్మల్ని రిజిస్ట్రేషన్ లేనివారిగా లెక్కేసిందని అర్థం.

మీ GSTIN. మీ నంబరు బిల్లు మీద ఉండి, పన్ను సున్నా ఉండి, కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో `reverse charge` అన్న మాట కనిపిస్తే, "మేం కట్టడం లేదు, మీరే కట్టుకోండి" అని చెప్పినట్టు. చాలామంది దీన్నే పన్ను మినహాయింపు అనుకుంటారు. అది మినహాయింపు కాదు, బాధ్యత బదిలీ.

## 3. రిజిస్ట్రేషన్ లేనివారైతే

మీ పని దాదాపు అయిపోయినట్టే. 118 డాలర్లు కట్టారు, అందులో 18 డాలర్లు ఆ కంపెనీ తన నెలవారీ రిటర్న్ GSTR-5Aలో చూపించి ప్రభుత్వానికి కడుతుంది. మీరు రిటర్న్ వేయక్కర్లేదు. ఆ 18 డాలర్లు మీకు తిరిగి రావు, ఖర్చులో కలిపేసుకోండి.

"జీఎస్టీ తీసుకుంటే ఈ 18 శాతం మిగులుతుంది కదా" అని అడిగే ఫ్రీలాన్సర్లు ఉన్నారు. సేవలకు రిజిస్ట్రేషన్ పరిమితి సాధారణంగా ఏడాదికి ₹20 లక్షలు. మీ ఆదాయం దానికి ఎంతో దూరంలో ఉండి, ఏడాదికి సాఫ్ట్‌వేర్ ఖర్చు ₹60,000 అనుకుంటే, పన్ను ₹10,800. దీని కోసం ప్రతి రిటర్నూ గుర్తుపెట్టుకోవడం, మీ క్లయింట్ల బిల్లుల మీద జీఎస్టీ వేయడం, అకౌంటెంట్ ఫీజు, ఇవన్నీ నెత్తిన వేసుకోవడం నా దృష్టిలో నష్టపు బేరం. మీ క్లయింట్లు మీ నుంచి జీఎస్టీ బిల్లు అడుగుతుంటే అప్పుడు ఆలోచించండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పన్ను తప్పించుకోవడానికి బావమరిది షాపు GSTIN తెచ్చి మీ సొంత అకౌంట్‌లో పెట్టకండి. విదేశీ కంపెనీ అప్పుడు ఆ అమ్మకాన్ని ఆయన నంబరు మీద చూపిస్తుంది. కట్టాల్సిన పన్ను ఆయన నెత్తిన పడుతుంది, ఆయనకు ఆ సంగతే తెలియదు.

## 4. రిజిస్ట్రేషన్ ఉంటే: ముందు అకౌంట్ సరిచేయండి

రిటర్న్ పని తర్వాత. ముందు బిల్లు సరిగ్గా రావాలి.

1. సాఫ్ట్‌వేర్ అకౌంట్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయి బిల్లింగ్ పేజీ తెరవండి. `Tax ID` లేదా `GSTIN` అనే గడి ఉంటుంది. కొన్నిచోట్ల అకౌంట్ రకాన్ని వ్యక్తిగతం నుంచి వ్యాపారానికి మారిస్తేనే ఆ గడి కనిపిస్తుంది.
2. 15 అక్షరాల నంబరును టైప్ చేయకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నుంచి కాపీ చేసి పెట్టండి.
3. సంస్థ పేరు, చిరునామా, రాష్ట్రం సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలి. నంబరు 37తో మొదలై, చిరునామాలో తెలంగాణ ఉంటే చాలా సైట్లు ఒప్పుకోవు.
4. రెన్యూవల్ తేదీకి ముందే ఇదంతా చేయండి. ఒకసారి బిల్లు పుట్టాక మార్చిన వివరాలు సాధారణంగా తర్వాతి బిల్లు నుంచే వర్తిస్తాయి.
5. తర్వాతి బిల్లు రాగానే తెరిచి చూడండి. మీ GSTIN ఉండాలి, పన్ను సున్నా ఉండాలి.

ఇప్పటికే పన్ను పడిన బిల్లుల సంగతేంటి? కంపెనీ సపోర్ట్‌కు మీ GSTIN, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ పంపి, పన్ను తిరిగి ఇచ్చి క్రెడిట్ నోట్ ఇవ్వమని అడగండి. ఇటీవలి బిల్లులకు కొందరు ఇస్తారు, పాతవాటికి చాలామంది కుదరదంటారు. ఇవ్వకపోతే ఆ 18 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవద్దు. అది మీ పేరు మీద కాదు, రిజిస్ట్రేషన్ లేని కస్టమర్ల మొత్తంలో కలిసి ప్రభుత్వానికి వెళ్లింది. మీ 2Bలో కనిపించదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ కంపెనీ పొరపాటున వసూలు చేసినా, రిజిస్టర్డ్ కొనుగోలుదారుగా రివర్స్ ఛార్జ్ బాధ్యత చట్టప్రకారం మీదే. అందుకే ఒకే బిల్లు మీద రెండుసార్లు పన్ను పడే ప్రమాదం ఉంది. GSTIN ముందే పెట్టాలని అంతలా చెప్పేది ఇందుకే. మొత్తం పెద్దదైతే సీఏతో కూర్చుని తేల్చుకోండి.

## 5. ఒక నెల లెక్క: మొదటి నుంచి చివరి దాకా

విజయవాడలో ఒక చిన్న వెబ్ డిజైన్ సంస్థ ఉందనుకుందాం. జీఎస్టీ మామూలు పద్ధతిలో ఉంది, నెలనెలా రిటర్న్ వేస్తుంది. అమెరికా కంపెనీ నుంచి నెలకు 100 డాలర్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ తీసుకుంది. జూలై 14న కార్డు నుంచి డబ్బు పోయింది. డాలరు ₹86 అనుకుందాం.

5.1 తేదీ తేల్చండి. పన్ను ఏ నెలలో కట్టాలో ఎక్కువగా చెల్లింపు తేదీయే నిర్ణయిస్తుంది. కార్డు ఆటోమేటిక్‌గా కోసుకునే సబ్‌స్క్రిప్షన్‌లో వాదన లేదు: జూలై. ఏడాది మొత్తానికి ఒకేసారి కడితే పన్ను కూడా ఆ నెలలోనే మొత్తం కట్టాలి, పన్నెండు భాగాలు చేయడం కుదరదు.

5.2 విలువ వేయండి. 100 × 86 = ₹8,600. దానిమీద 18 శాతం ₹1,548. కార్డు స్టేట్‌మెంట్‌లో ₹8,600 కంటే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే బ్యాంకు విదేశీ లావాదేవీ ఫీజు వేస్తుంది. ఆ ఫీజు సాఫ్ట్‌వేర్ విలువలో భాగం కాదు, బ్యాంకు ఛార్జీల ఖాతాలో రాయండి. మారకం రేటుకు మీ అకౌంటింగ్‌లో వాడే పద్ధతినే ప్రతి నెలా వాడండి. ఒక నెల ఒకటి, ఇంకో నెల ఇంకోటి వద్దు.

5.3 సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాయండి. విదేశీ కంపెనీ బిల్లు ఒక్కటే సరిపోదు. మీకు మీరే ఒక బిల్లు రాసుకోవాలి. 2024 నవంబర్ 1 నుంచి దీనికి గడువు పెట్టారు: సేవ అందిన 30 రోజుల్లోపు. దానికి వేరే నంబరు వరస పెట్టుకోండి. నమూనా ఇలా ఉంటుంది:

```
సెల్ఫ్ ఇన్‌వాయిస్ నం.: SI/07/001    తేదీ: 14 జూలై
సరఫరాదారు: (కంపెనీ పేరు, చిరునామా, దేశం)
స్వీకర్త: (మీ సంస్థ పేరు, చిరునామా, GSTIN)
అసలు బిల్లు నం., తేదీ: (విదేశీ బిల్లులో ఉన్నవి)
సేవ: డిజైన్ సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్, జూలై
విలువ: USD 100 × 86 = ₹8,600
IGST 18%: ₹1,548
పన్ను రివర్స్ ఛార్జ్ కింద: అవును
```

డబ్బు కట్టినందుకు పేమెంట్ వోచర్ కూడా ఫైల్లో పెట్టండి.

5.4 నగదు వేయండి. అందరూ తడబడేది ఇక్కడే. మీ క్రెడిట్ లెడ్జర్‌లో ₹50,000 ఉన్నా సరే, ఈ ₹1,548 దాంట్లోంచి కట్టడం కుదరదు. రివర్స్ ఛార్జ్ పన్ను నగదుగానే కట్టాలి. చలాన్ తీసి ఐజీఎస్టీ కింద క్యాష్ లెడ్జర్‌లో వేయండి. సీజీఎస్టీ, ఎస్జీఎస్టీగా విడగొట్టొద్దు. విదేశం నుంచి వచ్చే సేవ ఎప్పుడూ అంతర్‌రాష్ట్ర సరఫరా కిందే వస్తుంది.

5.5 GSTR-3B నింపండి. జూలై రిటర్న్ ఆగస్టు 20 లోపు వేస్తారు. అందులో రెండు చోట్ల రాయాలి.

- పట్టిక 3.1(d): విలువ 8,600, ఐజీఎస్టీ 1,548. ఇది బాధ్యత.
- పట్టిక 4(A)(2), సేవల దిగుమతి వరుస: ఐజీఎస్టీ 1,548. ఇది క్రెడిట్.

అదే నెలలో కట్టి, అదే రిటర్న్‌లో క్రెడిట్ తీసుకోవచ్చు. ఇది 2Bలో కనిపించదు, టెన్షన్ పడొద్దు. దీనికి ఆధారం మీ సెల్ఫ్ ఇన్‌వాయిస్, కట్టిన చలానే. పక్కనే ఉన్న 4(A)(3) వరుసలో రాసేవాళ్లు ఎక్కువ. అది లాయరు ఫీజు లాంటి దేశీయ రివర్స్ ఛార్జ్‌కు.

5.6 అమ్మకాల రిటర్న్ GSTR-1లో సంఖ్య చెప్పండి. పట్టిక 13లో ఆ నెల ఇచ్చిన సెల్ఫ్ ఇన్‌వాయిస్‌ల నంబర్లు చూపించే వరుస ఉంది. అందులో రాస్తే సరిపోతుంది.

చివరికి ఆ సంస్థకు ఏం మిగిలింది? ₹1,548 నగదు వెళ్లింది, అంతే క్రెడిట్ వచ్చింది. దాన్ని తన అమ్మకాల పన్నుకు వాడుకుంటుంది. ఖర్చు ₹8,600 మాత్రమే. పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తామని ఇచ్చే హామీ పత్రం ఎల్‌యూటీ మీద విదేశీ క్లయింట్లకే పనిచేసి, ఇక్కడ కట్టాల్సిన పన్నేమీ లేనివాళ్లకు ఈ క్రెడిట్ పేరుకుపోతుంది. దాన్ని ఎగుమతుల రీఫండ్ దరఖాస్తు RFD-01లో కలిపి అడగొచ్చు.

అందరికీ ఇలా సున్నా అవదు. అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారు తమ ఫారం CMP-08లో రివర్స్ ఛార్జ్ కట్టాలి, క్రెడిట్ రాదు. పన్ను మినహాయింపు ఉన్న సేవలే ఇచ్చే సంస్థ వేరే కారణంతో రిజిస్టర్ అయి ఉంటే దానికీ అంతే. వీళ్లకు 18 శాతం అసలు ఖర్చు, కొనేముందే ధరలో కలిపి చూసుకోవాలి.

## 6. ఎక్కువగా జరిగే తప్పు, దాన్ని సరిదిద్దే వరస

నేను చూసినంతలో అసలు తప్పు లెక్కలో జరగదు. బిల్లు అకౌంటెంట్ దాకా చేరకపోవడంలో జరుగుతుంది. సబ్‌స్క్రిప్షన్ పార్ట్‌నర్ సొంత క్రెడిట్ కార్డు మీద ఉంటుంది, బిల్లు ఎవరో మానేసిన ఉద్యోగి మెయిల్‌కు వెళ్తుంది. అకౌంట్‌లో GSTIN ఎప్పుడో పెట్టేశారు కాబట్టి అక్కడా పన్ను పడదు, ఇక్కడా ఎవరూ కట్టరు. పై లెక్క ప్రకారమే రెండేళ్లు అలా గడిస్తే విలువ ₹2,06,400, కట్టని పన్ను ₹37,152.

ఇది అధికారుల కంట పడే దారి మాత్రం ఉంది. ఓఐడార్ కంపెనీలు రిజిస్టర్డ్ కొనుగోలుదారులకు చేసిన అమ్మకాలనూ తమ GSTR-5Aలో చూపించాలి. ఆ వివరాల పక్కన మీ 3.1(d) ఖాళీగా ఉంటే నోటీసు రావడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

సరిదిద్దుకోవాలంటే ఈ వరసలో వెళ్లండి:

1. సంస్థ కార్డులు, పార్ట్‌నర్ల సొంత కార్డుల స్టేట్‌మెంట్లు తీసి విదేశీ లావాదేవీలన్నీ వేరు చేయండి. వ్యాపారానికి వాడినవి మాత్రమే ఉంచండి.
2. ప్రతిదానికీ అసలు బిల్లు దించుకోండి. భారతీయ కంపెనీ బిల్లులు పక్కన పెట్టండి. ముందే 18 శాతం పడిన బిల్లులను 4వ భాగంలో చెప్పినట్టు సీఏతో తేల్చుకోవడానికి వేరుగా ఉంచండి.
3. మిగిలినవాటికి నెలవారీగా పన్ను లెక్క వేయండి. ఆలస్యానికి ఏడాదికి 18 శాతం వడ్డీ. ₹1,548కి వంద రోజులైతే సుమారు ₹76.
4. సెల్ఫ్ ఇన్‌వాయిస్‌లు ఇప్పటి తేదీతోనే ఇవ్వండి. పాత తేదీ వేయకండి.
5. పన్ను, వడ్డీ నగదుగా కట్టండి. ఇదే ఆర్థిక సంవత్సరానివైతే రాబోయే 3Bలో చూపండి. పాత సంవత్సరాలవైతే 3Bలోనా, స్వచ్ఛందంగా పన్ను కట్టే ఫారం DRC-03 ద్వారానా అన్నది సీఏతో తేల్చుకోండి.

పాత సంవత్సరాల క్రెడిట్ పోయినట్టేనా? కాదు. 2024 జూన్ 26న వచ్చిన సర్క్యులర్ 211 ఇక్కడ ఆదుకుంటుంది. రిజిస్ట్రేషన్ లేని సరఫరాదారు నుంచి రివర్స్ ఛార్జ్ కింద కొన్నప్పుడు, క్రెడిట్ గడువును సెల్ఫ్ ఇన్‌వాయిస్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం నుంచి లెక్కిస్తారు. ఆ ఏడాది ముగిశాక వచ్చే నవంబర్ 30 దాకా, వార్షిక రిటర్న్ అంతకంటే ముందే వేస్తే అప్పటి దాకా, సమయం ఉంటుంది. అయితే ఆలస్యంగా బిల్లు రాసినందుకు వడ్డీతో పాటు జరిమానా పడే అవకాశం ఉందని అదే సర్క్యులర్ చెప్పింది.

మళ్లీ జరగకుండా నెలకోసారి చూసుకోవాల్సినవి ఇవి:

- విదేశీ సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒకే కార్డు మీద, బిల్లులన్నీ ఒకే మెయిల్‌కు వస్తున్నాయా?
- కొత్తగా చేరిన సబ్‌స్క్రిప్షన్‌లో GSTIN ఉందా?
- ప్రతి సున్నా పన్ను బిల్లుకూ సెల్ఫ్ ఇన్‌వాయిస్ ఉందా?
- 4(A)(2)లో తీసుకున్న క్రెడిట్ 3.1(d)లో చూపిన దానికంటే ఎక్కువ లేదు కదా?

చివరిదానికి కారణం ఉంది. 2024 ఆగస్టు నుంచి పోర్టల్‌లో రివర్స్ ఛార్జ్ బాధ్యతనూ క్రెడిట్‌నూ పోల్చే స్టేట్‌మెంట్ వచ్చింది. కట్టిన దానికంటే ఎక్కువ తీసుకుంటే అది హెచ్చరిస్తుంది.

## 7. సాఫ్ట్‌వేర్ కాకుండా మనిషి చేసే పని అయితే

ఇంతవరకూ చెప్పింది ఓఐడార్‌కు. విదేశంలో ఉన్న డిజైనర్‌తో లోగో వేయించుకున్నా, కన్సల్టెంట్ సలహాకు డబ్బు కట్టినా అది ఓఐడార్ కాదు, మెయిల్‌లో ఫైల్ వచ్చినంత మాత్రాన మారదు. అక్కడ 99 నంబరు కంపెనీ పన్ను వేసే పద్ధతి లేదు. వ్యాపారం కోసం తీసుకుంటే రివర్స్ ఛార్జే. పైగా రివర్స్ ఛార్జ్ కట్టాల్సినవారు ఆదాయ పరిమితితో పని లేకుండా రిజిస్టర్ కావాలని చట్టం చెబుతోంది. కాబట్టి ₹20 లక్షల లోపు ఉన్న ఫ్రీలాన్సర్ సాఫ్ట్‌వేర్ కొన్నంత కాలం నిశ్చింతగా ఉండొచ్చు కానీ, విదేశీ సబ్‌కాంట్రాక్టర్‌కు మొదటి చెల్లింపు పంపే ముందు మాత్రం సీఏకి ఫోన్ చేయాలి.